మిర్చి పొడి మిల్లుకు సొంత సంస్థా, భాగస్వామ్యమా, కంపెనీయా: ప్రాజెక్టు రిపోర్టులో ఏం రాయాలి

ప్రశ్న: గుంటూరు దగ్గర మిర్చి, పసుపు పొడి ఆడే మిల్లు పెట్టబోతున్నాను. నా దగ్గర 15 లక్షలు ఉన్నాయి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావగారు 10 లక్షలు పెడతానన్నారు, కానీ పనిలోకి రారు. బ్యాంకును 25 లక్షల టర్మ్ లోను, 15 లక్షల క్యాష్ క్రెడిట్, అంటే సీసీ అడిగాం. రిపోర్టులో ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అని రాస్తే, ‘ఎందుకు కంపెనీ? కారణం ఏదీ?’ అని మేనేజరు గారు తిప్పి పంపారు. సొంత సంస్థ, పార్ట్‌నర్‌షిప్, కంపెనీ, ఈ మూడింటిలో ఏది మేలు? ఆ పేజీ ఎలా రాయాలి?

సమాధానం:

మీరు చెప్పిన వివరాల మేరకు నా అభిప్రాయం ఇది. మీ పేరుతో సొంత సంస్థగా మొదలుపెట్టండి. బావగారి 10 లక్షలను పెట్టుబడిగా కాక, రాతపూర్వకమైన అప్పుగా తీసుకోండి. బావగారు వడ్డీతో సరిపెట్టుకోకుండా లాభంలో వాటాయే కావాలంటే, అప్పుడు నేరుగా ప్రైవేట్ కంపెనీ పెట్టండి. పార్ట్‌నర్‌షిప్ మాత్రం మీ ఇద్దరికీ తగదు. పనిలోకి రాని, సొంత ఇల్లూ జీతమూ ఉన్న మనిషిని భాగస్వామిగా చేర్చుకోవడమంటే, ఆయన పెట్టిన 10 లక్షలే కాక ఆయన ఆస్తి మొత్తాన్నీ మిల్లు అప్పులకు పూచీగా పెట్టించడమే అవుతుంది.

ఈ మాట అన్నప్పుడల్లా నా దగ్గరికి వచ్చేవారు మొదట అడిగేది పన్ను గురించే. నేను పందొమ్మిదేళ్లుగా చార్టర్డ్ అకౌంటెంటుగా ఈ జిల్లాలో మిల్లులకు, కోల్డ్ స్టోరేజీలకు రిపోర్టులు రాస్తున్నాను. చిన్న యూనిట్ల విషయంలో పన్ను లెక్క మనుషులు అనుకున్నంత తేడా చూపదు. అందుకే పన్నును తరువాత చూద్దాం. ముందుగా, వ్యాపారం దెబ్బతింటే ఎవరి ఇంటి తలుపు తడతారన్నది చూడాలి. మేనేజరు గారు అడిగిన ‘ఎందుకు’ అన్న మాటకు జవాబు అక్కడే ఉంది.

మిల్లు మూతపడిందనుకుని లెక్క వేయండి. మూడో ఏడాది చివరిలో ధర బాగా పెరుగుతుందని మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టారు, ధర పడిపోయింది అనుకుందాం. ఆ రోజున బ్యాంకుకు సీసీ 15 లక్షలు, టర్మ్ లోనులో మిగిలినది 10 లక్షలు, యార్డులో కమీషన్ వ్యాపారులకు 12 లక్షలు, జీఎస్టీ బకాయి లక్షన్నర ఉన్నాయి. యంత్రాలు, సరుకు అమ్మితే 18 లక్షలు వచ్చాయి. తాకట్టు హక్కు బ్యాంకుది కాబట్టి ఆ 18 లక్షలూ బ్యాంకుకే పోతాయి. ఇంకా బ్యాంకుకు 7 లక్షలు, వ్యాపారులకు 12 లక్షలు, జీఎస్టీ లక్షన్నర, మొత్తం 20.5 లక్షలు తేలుతుంది.

సొంత సంస్థ అయితే ఆ 20.5 లక్షలూ మీవే. చట్టం దృష్టిలో మీరూ మీ సంస్థా ఒక్కరే. మిల్లు బోర్డు మీద ఏ పేరున్నా అది మీ మరో పేరు మాత్రమే. మీ ఇల్లు, మీ పేరిట ఉన్న పొలం అన్నీ ఆ అప్పుకు లోబడతాయి. బావగారు కూడా మీకు అప్పిచ్చినవారే కాబట్టి ఆయన 10 లక్షలు పోవచ్చు. కానీ ఆయనను ఎవరూ ఒక్క రూపాయి అడగలేరు.

పార్ట్‌నర్‌షిప్ అయితే 1932 నాటి భారత భాగస్వామ్య చట్టంలోని 25వ సెక్షన్ ప్రకారం సంస్థ చేసిన ప్రతి పనికీ భాగస్వాములందరూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులు. ‘విడివిడిగా’ అన్న ఆ ఒక్క మాటలోనే అసలు ప్రమాదం ఉంది. డీడ్‌లో బావగారి వాటా 40 శాతమే అని రాసుకున్నా, కమీషన్ వ్యాపారి తన 12 లక్షలనూ ఆయన ఒక్కడి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. ఆ తరువాత మీ వాటా కోసం ఆయన మీ మీద పడాలి, అదీ మీ దగ్గర ఏమైనా మిగిలి ఉంటే. వాటాలు, నష్టాల పంపకం గురించి డీడ్‌లో రాసుకున్నవి మీ ఇద్దరి మధ్యే చెల్లుతాయి గాని బయటివారిని కట్టిపడేయవు. ‘స్లీపింగ్ పార్ట్‌నర్‌నే కదా’ అనే వాదన కోర్టులో నిలవడం నేను చూడలేదు.

కంపెనీ అయితే చాలామంది ఇక దిగులు లేదనుకుంటారు. అక్కడే పొరపాటు పడతారు. 20.5 లక్షలను మళ్లీ మూడు ముక్కలు చేసి చూడండి. బ్యాంకు 7 లక్షల విషయానికి వస్తే, ప్రైవేట్ కంపెనీకి అప్పిచ్చేటప్పుడు డైరెక్టర్ల వ్యక్తిగత గ్యారంటీ తీసుకోని బ్యాంకు నాకు తారసపడలేదు. కాబట్టి ఆ 7 లక్షలు సంతకం పెట్టినవారి మీదికే వస్తాయి. చిన్న యూనిట్ల అప్పులకు పూచీ ఇచ్చే సీజీటీఎంఎస్ఈ పథకం కింద పూచీ ఉంది కదా అంటారేమో. ఆ పూచీ బ్యాంకు నష్టానికే గాని మీ అప్పు మాఫీకి కాదు. జీఎస్టీ బకాయి విషయంలో, కేంద్ర జీఎస్టీ చట్టం 89వ సెక్షన్ ప్రకారం, ప్రైవేట్ కంపెనీ నుంచి వసూలు కాని పన్నుకు ఆ కాలంలో డైరెక్టర్లుగా ఉన్నవారు కలిసీ విడివిడిగానూ బాధ్యులవుతారు. తమ తీవ్ర నిర్లక్ష్యమో, కర్తవ్య లోపమో అందుకు కారణం కాదని నిరూపించుకుంటేనే బయటపడతారు. ఆదాయపు పన్ను బకాయికీ ఇలాంటి నిబంధనే ఉంది. ఇక మిగిలింది వ్యాపారుల 12 లక్షలు. అది ఒక్కటే కంపెనీ గోడ దగ్గర ఆగుతుంది.

అంటే కంపెనీ మీకు ఇచ్చే రక్షణ విలువ, మీరు వాడుకునే వ్యాపార అరువు విలువకు దాదాపు సమానం. బ్యాంకు డబ్బుతో రొక్కానికే సరుకు కొనే మిల్లుకు ఆ గోడ పెద్దగా ఉపయోగపడదు. యార్డులో నెలల తరబడి అరువు మీద నడిచే మిల్లుకు, సూపర్ బజార్లకు బ్రాండు పేరుతో ప్యాకెట్లు అమ్మే మిల్లుకు, ఎగుమతి చేసే మిల్లుకు అది నిజంగా అవసరం. అయితే ఇక్కడ ఒక షరతు ఉంది. మన యార్డులో చాలామంది వ్యాపారులు కంపెనీ పేరు చూసి సరుకు ఇవ్వరు, మనిషిని చూసి ఇస్తారు. అందుకే మీ సొంత ఖాతా చెక్కో, మీ పేరుతో ప్రోనోటో అడుగుతారు. అది ఇచ్చిన రోజున ఆ 12 లక్షలకు కూడా గోడలో మీరే కన్నం వేసినట్టు. కంపెనీ చెక్కు బౌన్సు అయినా సంతకం చేసిన డైరెక్టరు మీద కేసు నడుస్తుంది. ఆహార పదార్థం కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. పొడిలో సూడాన్ రంగు లాంటి నిషిద్ధ పదార్థం తేలితే, ఆహార భద్రత చట్టం కింద క్రిమినల్ బాధ్యత కంపెనీతో ఆగదు, ఆ వ్యాపారానికి బాధ్యుడైన వ్యక్తి దాకా వస్తుంది. పరిమిత బాధ్యత అనేది అప్పులకే గాని నేరాలకు కాదు.

కొన్నేళ్ల క్రితం నరసరావుపేట వైపు ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు నా దగ్గరికి వచ్చారు. మేనల్లుడి నూనె మిల్లులో ఆయన భాగస్వామి. రెండేళ్ల క్రితమే తప్పుకున్నారు, ఇద్దరూ స్టాంపు కాగితం మీద రాసుకున్నారు కూడా. ఆ తరువాత ఏడాదికి మేనల్లుడు గింజలు అరువు తెచ్చి ఎగ్గొడితే, సరఫరాదారుడు ఈయన పింఛను ఖాతా ఉన్న ఊరికి నోటీసు పంపాడు. పాత డీడ్ ఆ వ్యాపారి దగ్గర ఉంది మరి. తప్పుకున్న భాగస్వామి పబ్లిక్ నోటీసు ఇచ్చేదాకా బయటివారికి బాధ్యుడిగానే మిగులుతాడని భాగస్వామ్య చట్టం 32వ సెక్షన్ చెబుతుంది. రిజిస్టరైన ఫర్మ్ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలియజేయాలి, గెజిట్‌లోను, ఒక స్థానిక భాషా పత్రికలోను ప్రకటించాలి. ఆయన ఇవేవీ చేయలేదు. చివరికి వ్యవహారం రాజీతో ముగిసింది, ఆయన రెండు లక్షల పైచిలుకు కట్టారు. మీ బావగారి విషయంలో నేను పార్ట్‌నర్‌షిప్ వద్దనడానికి ఈ ఉదంతం కూడా ఒక కారణమని ఒప్పుకుంటాను.

పార్ట్‌నర్‌షిప్ చెడ్డదని నా ఉద్దేశం కాదు. ఇద్దరూ రోజూ మిల్లులో ఉండి, ఒకరు కొనుగోలు, ఒకరు అమ్మకం చూసుకునేచోట అది చాలా చక్కగా నడుస్తుంది. ఒకవేళ అటు వెళ్తే డీడ్ రాసుకుని ఊరుకోకండి, ఫర్మ్‌ను రిజిస్టర్ చేయించండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని, అది లేని ఫర్మ్ తనకు రావలసిన బాకీ కోసం అదే చట్టం 69వ సెక్షన్ వల్ల దావా వేయలేదు. దావా వేశాక రిజిస్టర్ చేయించినా ఆ దావా నిలవదు, కాలపరిమితి మిగిలి ఉంటే కొత్తగా వేసుకోవాలి.

ఇప్పుడు పన్ను. 2025-26 ఆర్థిక సంవత్సరపు రేట్లు, కొత్త పన్ను విధానం తీసుకుంటున్నాను. ఆదాయపు పన్ను సెక్షన్ల నంబర్లు 2025 చట్టంలో మారాయి కాబట్టి వాటిని ప్రస్తావించడం లేదు. మూడో ఏడాదికి బ్యాంకు వడ్డీ, తరుగుదల పోగా, మీ కష్టానికి ప్రతిఫలమూ బావగారి డబ్బుకు ప్రతిఫలమూ లెక్కించకముందు మిల్లుకు 18 లక్షలు మిగులుతాయని అనుకుందాం. మీకు వేరే ఆదాయం లేదు, బావగారు 30 శాతం శ్లాబులో ఉన్నారు.

సొంత సంస్థలో బావగారి అప్పుకు 12 శాతం చొప్పున 1.2 లక్షల వడ్డీ ఖర్చుగా పోతుంది. మిగిలిన 16.8 లక్షలు మీ ఆదాయం. దాని మీద సెస్సుతో కలిపి పన్ను 1,41,440 రూపాయలు. మీకు మీరు జీతం ఇచ్చుకున్నట్టు రాసుకున్నా అది ఖర్చు కాదు.

పార్ట్‌నర్‌షిప్‌లో ఫర్మ్ ఆదాయం మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం, సెస్సుతో 31.2 శాతం పన్ను. కానీ డీడ్‌లో రాసి ఉంటే పెట్టుబడి మీద 12 శాతం దాకా వడ్డీ, పనిచేసే భాగస్వామికి ఒక పరిమితి మేరకు జీతం ఖర్చుగా ఒప్పుకుంటారు. 25 లక్షల పెట్టుబడి మీద వడ్డీ 3 లక్షలు పోగా 15 లక్షలు ఉంటుంది. దాని మీద మొదటి 6 లక్షలకు 90 శాతం, ఆపైన 60 శాతం చొప్పున మీ జీతం 10.8 లక్షల దాకా వెళ్లవచ్చు. అందరూ ఆ గరిష్ఠ మొత్తమే తీసుకుంటారు. ఇక్కడ అది తెలివైన పని కాదు. జీతం 10.2 లక్షల దగ్గర ఆపితే, మీ వాటా వడ్డీ 1.8 లక్షలతో కలిపి మీ ఆదాయం సరిగ్గా 12 లక్షలవుతుంది, రిబేటు వల్ల మీకు పన్ను ఉండదు. ఫర్మ్‌కు మిగిలిన 4.8 లక్షల మీద 1,49,760 రూపాయలు కడితే చాలు. గరిష్ఠంగా 10.8 లక్షలు తీసుకుంటే ఫర్మ్ పన్ను, మీ పన్ను కలిపి 1,93,440 అవుతుంది. ఫర్మ్ పన్ను కట్టాక మిగిలిన లాభంలో భాగస్వాముల వాటా మీద మళ్లీ పన్ను లేదు. అయితే 2025 ఏప్రిల్ 1 నుంచి భాగస్వాములకు ఇచ్చే జీతం, వడ్డీ కలిపి ఏడాదికి 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోయాలి. పాత డీడ్‌లు చూసి రిపోర్టులు రాసేవారు ఈ సంగతి తరచు మరిచిపోతున్నారు.

కంపెనీలో మీకు డైరెక్టరు జీతంగా 12.75 లక్షలు ఇస్తే, 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 12 లక్షలవుతుంది, మీకు పన్ను లేదు. ఆడిట్, వార్షిక ఫైలింగుల లాంటి అదనపు ఖర్చు మా ప్రాంతంలో ఏడాదికి సుమారు 60,000 అనుకుంటే కంపెనీకి 4.65 లక్షలు మిగులుతుంది. 22 శాతం రేటు ఎంచుకుంటే సర్‌చార్జి, సెస్సుతో 25.168 శాతం, అంటే సుమారు 1,17,000. అదనపు ఖర్చును కూడా కలిపి చూస్తే మీ జేబు నుంచి పోయేది 1,77,000.

సొంత సంస్థలోను, పార్ట్‌నర్‌షిప్‌లోను బావగారు తన వడ్డీ మీద కట్టుకునే 37,440ని కూడా కలిపితే లెక్క 1.79 లక్షలు, 1.87 లక్షలు, 1.77 లక్షలుగా తేలుతుంది. కంపెనీలో బావగారికి ఇంకా చేతికి ఏమీ రాలేదన్న మాట గుర్తుంచుకోండి. డివిడెండు ఇస్తే దాని మీద ఆయన తన శ్లాబు ప్రకారం పన్ను కట్టాలి. అంటే 18 లక్షల స్థాయిలో మూడూ ఒకే చోటికి వస్తున్నాయి. పన్ను పేరు చెప్పి కంపెనీ ఎంచుకున్నామని రాస్తే, లెక్క తెలిసిన మేనేజరు దానిని అక్కడే కొట్టేస్తారు.

తేడా ఎప్పుడు వస్తుందంటే, లాభం పెరిగి, ఆ డబ్బును మీరు ఇంటికి తీసుకుపోకుండా మిల్లులోనే ఉంచినప్పుడు. అదే 18 లక్షలు 50 లక్షలైతే సొంత సంస్థలో మీ పన్ను 10.86 లక్షలవుతుంది. కంపెనీలో మీ జీతం అంతే ఉంచితే పన్ను, అదనపు ఖర్చు కలిపి 9.82 లక్షలు. అయితే ఆ మిగులు కంపెనీది, మీది కాదు. ఇంటి నిర్మాణానికి కంపెనీ ఖాతా నుంచి 8 లక్షలు ‘సర్దుబాటు’ చేసుకున్న ఒక క్లయింటుకు ఆ మొత్తం డివిడెండుగా లెక్కకట్టి పన్ను పడింది. డైరెక్టరుకు అప్పు ఇచ్చినందుకు కంపెనీల చట్టం 185వ సెక్షన్ తలనొప్పి వేరే వచ్చింది. సొంత సంస్థ గల్లాపెట్టెకు అలవాటుపడిన చేతికి కంపెనీ ఖాతా అంత తేలిగ్గా అలవాటు కాదు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో 9 లక్షల పెట్టుబడితో చిన్న ప్యాకింగ్ యూనిట్ పెట్టుకునే కుర్రాడికి, పేరు బాగుంటుందని కంపెనీ పెట్టించాను. ఏడాదిన్నరలో యూనిట్ ఆగిపోయింది. కంపెనీ మాత్రం కాగితాల మీద బతికే ఉంది. ఫైలింగులు ఆగాయి. ఇప్పటి లెక్కలో ఏటా దాఖలు చేసే AOC-4, MGT-7A ఫారాలకు ఒక్కొక్క దానికి రోజుకు 100 రూపాయల చొప్పున ఆలస్య రుసుము, అంటే ఏడాదికి 73,000. వరుసగా మూడేళ్లు దాఖలు చేయకపోతే డైరెక్టరుగా ఐదేళ్ల అనర్హత. సొంత సంస్థను మూసేయాలంటే జీఎస్టీ, లైసెన్సులు రద్దు చేయించుకుంటే సరిపోతుంది. కంపెనీకి మూసివేత కూడా ఒక పని. మొదటి మిల్లు నడుస్తుందో లేదో తెలియని దశలో ఈ తేడాకు విలువ ఉంటుంది.

ఇక రిపోర్టులోని ఆ పేజీ. ‘బ్రాండ్ ఇమేజ్ కోసం ప్రైవేట్ లిమిటెడ్’ లాంటి వాక్యం ఉంటే తీసేయండి. దాని స్థానంలో కింది తరహాలో రాయమని నేను చెబుతాను. అంకెలు మీవి పెట్టుకోండి.

‘ఈ యూనిట్ దరఖాస్తుదారు సొంత సంస్థగా నడుస్తుంది. నిర్వహణ పూర్తిగా దరఖాస్తుదారు చేతిలో ఉంటుంది. దరఖాస్తుదారు పెట్టుబడి 15 లక్షలు. సమీప బంధువు నుంచి 12 శాతం వడ్డీకి 10 లక్షల అప్పు బ్యాంకు ఖాతా ద్వారా తీసుకుంటున్నాము; టర్మ్ లోను తీరేవరకు ఆ మొత్తాన్ని తిరిగి చెల్లించబోమన్న హామీ పత్రం జతపరిచాము. బంధువు వ్యాపారంలో భాగస్వామి గాని, గ్యారంటీదారు గాని కాదు. సరుకు కొనుగోలు ప్రధానంగా సీసీ ద్వారా రొక్కానికి జరుగుతుంది. వ్యాపార అరువు 5 లక్షలు దాటనివ్వము. బకాయిలకు దరఖాస్తుదారు వ్యక్తిగత ఆస్తులు లోబడి ఉంటాయి. వాటి వివరాలు, విలువ జతపరిచాము. సరుకుకు అగ్ని, దొంగతనం బీమా ఉంటుంది. వార్షిక లాభం వరుసగా రెండేళ్లు 30 లక్షలు దాటినా, వ్యాపార అరువు 10 లక్షలు దాటవలసి వచ్చినా యూనిట్‌ను ప్రైవేట్ కంపెనీగా మార్చడానికి బ్యాంకు అనుమతి కోరతాము.’

ఇందులో బంధువు హామీ పత్రం చాలా ముఖ్యం. అది లేకపోతే, ఎప్పుడైనా వెనక్కి పోగల డబ్బు అని బ్యాంకు ఆ 10 లక్షలను మీ మార్జిన్, అంటే మీవైపు పెట్టుబడి కింద లెక్కపెట్టదు. అప్పుడు 50 లక్షల ప్రాజెక్టులో మీది 15 లక్షలే అవుతుంది. బావగారి డబ్బు నగదుగా తీసుకోకండి. 20,000 రూపాయలు, ఆపైన నగదు అప్పు తీసుకుంటే తీసుకున్నంత మొత్తం జరిమానా పడవచ్చు.

ఆ పేజీలో రాసినది అంచనా లెక్కల్లోనూ కనబడాలి. సొంత సంస్థల రిపోర్టుల్లో నాకు ఎక్కువగా దొరికే తప్పు ఇదే. పన్ను యజమాని సొంత వ్యవహారమని లెక్కలో చూపరు, ఇంటి ఖర్చూ చూపరు. మీ మూడో ఏడాదినే తీసుకోండి. లాభం 16.8, తరుగుదల 3, టర్మ్ లోను వడ్డీ 1.5 లక్షలు కలిపితే 21.3 లక్షలు. ఆ ఏడాది కట్టవలసిన అసలు 5, వడ్డీ 1.5, మొత్తం 6.5 లక్షలు. అప్పు వాయిదాలు కట్టే శక్తిని చూపే నిష్పత్తి, డీఎస్‌సీఆర్, 3.28 అని ఘనంగా కనిపిస్తుంది. కానీ నెలకు 60,000 చొప్పున ఇంటికి తీసుకునే 7.2 లక్షలు, పన్ను 1.41 లక్షలు తీసేస్తే చేతిలో ఉండేది 12.69 లక్షలే, నిష్పత్తి 1.95. ఇది కూడా మంచి అంకే. అయితే 3.28 చూపించిన రిపోర్టులో ఇంటికి తీసుకునే డబ్బు చూపే డ్రాయింగ్స్ వరుస లేదని మేనేజరు గారు గమనిస్తే మిగతా అంకెలను కూడా అనుమానిస్తారు. కంపెనీ అయితే మీ జీతం, కంపెనీ పన్ను ఎలాగూ లెక్కలోనే ఉంటాయి, మళ్లీ డ్రాయింగ్స్ తీయనక్కరలేదు. పార్ట్‌నర్‌షిప్ అయితే జీతం, వడ్డీ ఖర్చులో ఉంటాయి గాని అంతకు మించి భాగస్వాములు తీసుకునేది వేరే వరుసలో చూపాలి.

బావగారు వాటాయే కావాలన్నారనుకోండి. అప్పుడు కంపెనీ పెట్టి 60:40 నిష్పత్తిలో షేర్లు తీసుకోండి. ఆయన వాటాదారుగా మాత్రమే ఉంటే ఆయన నష్టం ఆ 10 లక్షలతో ఆగుతుంది. కానీ ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. రెండో డైరెక్టరుగా ఎవరిని పెడతారో వారిని బ్యాంకు గ్యారంటీ సంతకం అడుగుతుంది, జీఎస్టీ 89వ సెక్షన్ కూడా వారికి వర్తిస్తుంది. మీ ఇంట్లోవారిని పెట్టే ముందు ఆ సంగతి వారికి వివరంగా చెప్పండి. 40 శాతం వాటాదారు కాబట్టి బావగారి గ్యారంటీ కూడా కావాలని కొన్ని శాఖలు పట్టుబడతాయి. గ్యారంటీ మీరు, రెండో డైరెక్టరు మాత్రమే ఇస్తారని రిపోర్టులో ముందే స్పష్టంగా రాసి, మంజూరు పత్రం వచ్చాక ఆ షరతును మొదట చదవండి. బావగారు అక్కడ సంతకం పెడితే, కంపెనీ పెట్టడంలో ఆయనకు కలిగిన లాభం చాలావరకు పోయినట్టే. ఆయన ఉద్యోగ ఒప్పందంలో బయటి వ్యాపారాలకు అనుమతి అవసరమేమో కూడా ఆయనే చూసుకోవాలి.

చివరిగా, తరువాత కంపెనీగా మార్చే ఉద్దేశం ఉంటే ఇప్పుడే చేయవలసిన పని ఒకటుంది. సొంత సంస్థను కంపెనీగా మార్చేటప్పుడు క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడకూడదంటే వ్యాపారపు ఆస్తులు, అప్పులు అన్నీ కంపెనీకి పోవాలి, బదులుగా మీకు షేర్లు తప్ప మరేమీ రాకూడదు, ఐదేళ్లపాటు సగానికి తగ్గకుండా ఓటు హక్కు మీ దగ్గరే ఉండాలి. ‘అన్నీ’ అంటే మిల్లు పుస్తకాల్లో ఉన్న స్థలం కూడా. దాని మీద స్టాంపు డ్యూటీ పడుతుంది, స్థలం మీ చేయి దాటుతుంది. అందువల్ల స్థలం మీ సొంతమైతే దానిని మిల్లు పుస్తకాల్లోకి తేకుండా, ముందు నుంచీ మీ వ్యక్తిగత ఆస్తిగానే ఉంచుకోండి. కంపెనీ వచ్చాక దానికి లీజుకు ఇవ్వవచ్చు. జీఎస్టీ నంబరు, ఆహార లైసెన్సు, బ్యాంకు మంజూరు మాత్రం కంపెనీ పేరుతో మళ్లీ తెచ్చుకోవలసిందే. దానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి, కొత్త పంట యార్డుకు వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ పని పెట్టుకోకండి.